కొట్టేది స్ట్రెయిట్‌గా, పోయేది మిడాన్‌కి!

నెట్స్‌కి కొత్తగా వచ్చే పన్నెండు, పదమూడేళ్ల పిల్లల్లో నేను ఎక్కువగా చూసే సమస్య ఒకటుంది. ఆఫ్ స్టంప్ మీద ఫుల్‌గా పడిన బంతిని బౌలర్ పక్కనుంచి నేరుగా కొడదామనుకుంటారు. అది మిడాన్ వైపు, అదీ గాల్లో పోతుంది. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు వెంటనే సలహాలు మొదలుపెడతారు. ‘బ్యాట్ స్ట్రెయిట్‌గా తీసుకురారా’, ‘మోచెయ్యి పైకెత్తరా’, ‘తల కిందికి పెట్టరా’. అన్నీ నిజమే, కానీ ఒక్కటీ పనిచేయదు.

ఎందుకంటే తప్పు కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. బ్యాట్ వంకరగా కిందికి రావడం మనకు కనిపిస్తుంది. అది వంకరగా పైకి వెళ్లింది కాబట్టే అలా వచ్చింది. అలా పైకి వెళ్లడానికి కారణం నిలబడిన తీరులో ఉంటుంది. నిలబడిన తీరుకి కారణం చేతుల పట్టులో ఉంటుంది. అందుకే గ్రిప్, స్టాన్స్, బ్యాక్‌లిఫ్ట్ అనే మూడింటినీ ఈ వరసలోనే చూడాలి, ఈ వరసలోనే సరిచేయాలి. వరస తప్పితే ఎంత కష్టపడినా మళ్లీ మొదటికే వస్తాం.

ఈ మధ్య మా గ్రౌండ్‌కి వచ్చిన ఒక ఎనిమిదో తరగతి కుర్రాడి కథ చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పేరెందుకు గానీ, మనవాడు అందాం. అప్పటిదాకా ఆడిందంతా కాలనీలో టెన్నిస్ బాల్ క్రికెట్. లెదర్ బాల్ పట్టి రెండు నెలలైంది. జిల్లా అండర్-14 సెలెక్షన్స్ ఇంకో మూడు వారాల్లో ఉన్నాయి. వాళ్ల నాన్నగారు ఒక మాట ముందే చెప్పేశారు: “సార్, ఈసారి రాకపోతే వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి. ఇంక క్రికెట్ లేదు, చదువే.” అది వాడు కూడా విన్నాడు.

ముందు ఫోన్ తీయండి

నేను మొదటి రోజు ఏమీ మార్చలేదు. పక్కన మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడి, వాడి ముందు పాదం దగ్గర పడేలా బంతిని చేత్తో వదిలాను. నేరుగా కొట్టమన్నాను. 24 బంతులు. పదిహేడు మిడాన్, మిడ్‌వికెట్ వైపు పోయాయి. వాటిలో తొమ్మిది గాల్లో లేచాయి.

ఇదే సమయంలో ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి రెండు వీడియోలు తీశాను. ఒకటి బౌలర్ వైపు నుంచి, వికెట్లకు సరిగ్గా ఎదురుగా, నడుము ఎత్తులో. రెండోది పక్కనుంచి, పాయింట్ దగ్గర నిలబడి. మీరూ ఇలాగే తీసుకోండి. కొంచెం మూలగా నిలబడి తీస్తే నిటారుగా ఉన్న బ్యాట్ కూడా వంకరగా కనిపిస్తుంది. అది చూసి లేని తప్పు దిద్దుకోవడం మొదలవుతుంది.

వీడియోలో మూడు విషయాలు కనిపించాయి. బ్యాట్ గల్లీ ఫీల్డర్ వైపు లేచి, అక్కడి నుంచి శరీరానికి అడ్డంగా తిరిగి వస్తోంది. తల ఆఫ్ సైడ్‌కి ఒరిగి ఉంది. రెండు చేతులూ హ్యాండిల్ అడుగున, బ్లేడ్‌కి ఆనుకుని ఉన్నాయి. చూడగానే మొదటిది సరిచేయాలనిపిస్తుంది. కానీ మనం చివరిదాని నుంచి మొదలుపెట్టాలి.

మొదటి మెట్టు: గ్రిప్

మనవాడి పట్టుకి ఒక కారణం టెన్నిస్ బాల్. అది 58 గ్రాముల దాకా ఉంటుంది, నడుము పైకి ఎగురుతుంది. దాన్ని కింది చేత్తో బలంగా లాగి లెగ్ సైడ్ లేపేస్తే చాలు. పెద్దవాళ్లు ఆడే లెదర్ బాల్ బరువు 160 గ్రాములకు అటూ ఇటూ. అది తక్కువ ఎత్తులో వస్తుంది, బ్యాట్ నిటారుగా లేకపోతే అంచు తీసుకుంటుంది. అంటే మనవాడి చేతులు ఒక ఆట నేర్చుకుని వచ్చి ఇంకో ఆట ఆడుతున్నాయి.

రెండో కారణం నాకు వాడి కిట్ బ్యాగ్‌లో దొరికింది. బ్యాట్ ఫుల్ సైజ్, షార్ట్ హ్యాండిల్. అంటే పెద్దవాళ్లు వాడేది. బరువు దాదాపు కిలో 180 గ్రాములు. ‘ఎదిగే పిల్లాడు కదా, నాలుగేళ్లు వస్తుంది’ అని నాన్నగారు కొన్నారు. స్కూల్ యూనిఫామ్ రెండు సైజులు పెద్దది కుట్టించినట్టే అన్నమాట. ప్యాంటు పెద్దదైతే మడత పెట్టుకోవచ్చు. బ్యాట్‌ని మడత పెట్టలేం కదా.

బ్యాట్ సైజ్ చూసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. బూట్లు వేసుకుని నిటారుగా నిలబడి, బ్యాట్‌ని కాలి పక్కన నిలబెట్టండి. హ్యాండిల్ పైకొస తొడ నడుముతో కలిసే మడత దగ్గరికి రావాలి. మనవాడికి బెల్ట్ దాకా వచ్చింది. రెండోది, పై చెయ్యి ఒక్కదానితో బ్యాట్ పట్టుకుని భుజం ఎత్తులో ముందుకు చాపండి. కుడిచేతి వాటం వాళ్లకి పై చెయ్యి అంటే ఎడమ చెయ్యి, ఎడమచేతి వాటం వాళ్లకి కుడి చెయ్యి. మెల్లగా పది లెక్కపెట్టేదాకా బ్యాట్ కొస వాలకుండా ఉండాలి. మనవాడు నాలుగు దగ్గరే దించేశాడు.

ఇక్కడే అసలు ముడి ఉంది. పై చెయ్యి మొయ్యలేని బరువుని కింది చెయ్యి తీసుకుంటుంది. బ్యాట్ పొడవెక్కువైతే హ్యాండిల్ కొస పొట్టకి తగులుతుంది కాబట్టి చేతులు కిందికి జారతాయి. తప్పు వాడి టెక్నిక్‌లో కాదు, బ్యాట్‌లో మొదలైంది. మా కిట్‌లో ఉన్న సైజ్ 5 కశ్మీర్ విల్లో బ్యాట్ ఇచ్చాను. పాతదే, అంచులు కొంచెం చెక్కుకుపోయాయి. కానీ తొమ్మిది వందల గ్రాముల చిల్లర. చేతికి అందింది.

తర్వాత పట్టు. బ్యాట్ ముఖం నేలవైపు ఉండేలా కింద పెట్టి, హ్యాండిల్ మీ వైపు తిప్పుకోండి. ఇప్పుడు కట్టెలు కొట్టే గొడ్డలి ఎత్తినట్టు రెండు చేతులతో పైకి తీయండి. ఆలోచించకండి, మామూలుగా ఎత్తండి. పిల్లల్లో చాలామందికి ఇలా ఎత్తగానే పట్టు తొంభై శాతం కుదిరిపోతుంది.

ఇప్పుడు సరిచూసుకోండి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక ‘వి’ ఆకారం ఏర్పడుతుంది. ఈ రెండు ‘వి’లూ ఒకే గీత మీద ఉండాలి. ఆ గీత బ్యాట్ వీపున ఉన్న వెన్నుకీ, బయటి అంచుకీ మధ్యలో పడాలి. చేతులు రెండూ దగ్గరగా, హ్యాండిల్ మధ్య భాగంలో ఉండాలి. మధ్యలో ఖాళీ ఉంటే ఒక చెయ్యి ఒకవైపు, ఇంకో చెయ్యి మరోవైపు లాగుతాయి.

మనవాడి కింది చేతి ‘వి’ హ్యాండిల్ వెనక్కి తిరిగిపోయి ఉంది. అంటే అరచెయ్యి హ్యాండిల్‌ని వెనకనుంచి తోస్తోంది. అలా పట్టుకుంటే బంతి తగిలే క్షణంలో ఆ అరచెయ్యి ముందుకు దూసుకొచ్చి బ్యాట్ ముఖాన్ని లెగ్ సైడ్‌కి మూసేస్తుంది. మిడాన్ రహస్యంలో సగం ఇదే.

ఇక బిగువు. పై చేతి వేళ్లన్నీ గట్టిగా ఉండాలి. కింది చేతిలో బొటనవేలు, చూపుడువేలు పని చేస్తే చాలు, మిగతావి ఊరికే ఆని ఉండాలి. మనవాడికి నేను ఒకటే మాట చెప్పాను: “పై చెయ్యి బకెట్ మోస్తోంది, కింది చెయ్యి చాక్‌పీస్ పట్టుకుంది.” కుదిరిందో లేదో తెలియాలంటే, డ్రైవ్ కొట్టాక కింది చెయ్యి తేలిగ్గా వదిలేయగలగాలి. వదలడానికి వేళ్లు ఒక్కొక్కటీ విప్పాల్సి వస్తే ఇంకా బిగించి పట్టుకున్నట్టే.

మొదటి వారమంతా ఇదే పని. రోజూ పై చెయ్యి ఒక్కదానితో 12 బంతులు, తర్వాత రెండు చేతులతో 24 బంతులు, అన్నీ చేత్తో వదిలినవే. ఒంటి చేత్తో కొట్టేటప్పుడు బలం అక్కర్లేదు, బంతి నేలమీద నేరుగా దొర్లితే చాలు. మణికట్టు నొప్పెడితే ఆపేయాలి. ఆ వారం నెట్స్‌లో బౌలింగ్ ఆడనివ్వలేదు. వేగంగా వచ్చే బంతి ముందు చెయ్యి పాత అలవాటుకే పోతుంది మరి.

రెండో మెట్టు: స్టాన్స్

గ్రిప్ కుదిరాక నిలబడటం సగం దానంతట అదే మారుతుంది. చేతులు హ్యాండిల్ మధ్యకి రావడంతో మనవాడు అంత వంగాల్సిన పని లేకుండా పోయింది. మిగిలిన సగం మనం చూడాలి.

పాదాలు భుజాల వెడల్పులో, క్రీజ్ గీతకి సమాంతరంగా ఉంచండి. మోకాళ్లు కొంచెం సడలించండి. బరువు మడమల మీద కాకుండా పాదాల ముందు భాగం మీద ఉండాలి. ముందు భుజం బౌలర్ వైపు చూడాలి. బ్యాట్ కొస వెనక పాదం చిటికెన వేలి దగ్గర ఆనాలి. అంతే. ఇందులో అంగుళాల లెక్కలు పెట్టుకోవద్దు, ఒక్కొక్కరి శరీరం ఒక్కోలా ఉంటుంది.

లెక్క పెట్టాల్సింది తల గురించి. తల బరువైనది. అది ఆఫ్ సైడ్‌కి ఒరిగితే శరీరం దాని వెంట పోతుంది, ముందు కాలు బంతికి అడ్డంగా పడుతుంది. ఇక బ్యాట్ ఆ కాలిని చుట్టుకుని రావాలి తప్ప నేరుగా వచ్చే దారి లేదు. స్టంప్స్ మీదికొచ్చే బంతికి ఎల్బీడబ్ల్యూ అయిపోయే పిల్లల్లో చాలామందిది ఈ కథే.

ఎలా తెలుస్తుంది? బౌలర్ వైపు నుంచి తీసిన వీడియోని బంతి వదిలే క్షణంలో ఆపండి. రెండు కళ్లనీ కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. హెల్మెట్ ఉంటే గ్రిల్ కడ్డీలే ఆ గీత. అది నేలకి సమాంతరంగా ఉండాలి. మనవాడిది ఆఫ్ సైడ్‌కి బాగా వాలి ఉంది.

ఇంకో పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. స్టాన్స్ తీసుకుని ముందు కన్ను మూయండి, అంటే కుడిచేతి వాటం వాళ్లు ఎడమ కన్ను. వెనక కంటికి బౌలర్ పూర్తిగా కనపడాలి. సగం మీ ముక్కే కనిపిస్తోందంటే మీరు ఒంటికన్నుతో ఆడుతున్నట్టు. గడ్డాన్ని ముందు భుజం మీదికి ఇంకొంచెం తిప్పండి. అప్పటికీ కుదరకపోతే ముందు పాదాన్ని కొద్దిగా లెగ్ సైడ్‌కి జరిపి తెరవండి. మనవాడికి గడ్డం తిప్పడంతోనే సరిపోయింది. “సార్, బాల్ పెద్దగా కనిపిస్తోంది” అన్నాడు. బాల్ పెద్దదవలేదు, రెండో కన్ను డ్యూటీలో చేరింది.

బ్యాలెన్స్ చూడటానికి, స్టాన్స్‌లో ఉండగానే ఉన్నచోట చిన్నగా ఎగరమంటాను. దిగాక పాదాలు అక్కడే ఉంటే మంచిది. ముందుకో వెనక్కో తూలితే బరువు ఎటువైపు ఉందో అర్థమైపోతుంది. దీనికి ఇంతకంటే పెద్ద పరికరాలు అక్కర్లేదు.

మూడో మెట్టు: బ్యాక్‌లిఫ్ట్

మూడో వారం వచ్చేసరికి మనవాడి బ్యాట్ గల్లీ వైపు అంతగా పోవడం లేదు. నేను ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. పై చెయ్యి ఎత్తుతోంది కాబట్టి దారి మారింది, అంతే. కింది చెయ్యి లాగితే బ్యాట్ శరీరానికి దూరంగా బయటికి పోతుంది. పై చెయ్యి, ముందు భుజం కలిసి ఎత్తితే అది వికెట్ల మీదుగా పైకి లేస్తుంది. ఏది ఎత్తుతోందో తెలియాలంటే పక్కనుంచి తీసిన వీడియోలో ముందు మోచెయ్యి చూడండి. అది బౌలర్ వైపు తిరిగి కాస్త పైకి లేస్తే పై చెయ్యి పని చేస్తున్నట్టు. పొట్టకి అతుక్కుని ఉంటే కింది చెయ్యి పెత్తనమే.

ఎటు ఎత్తాలి? పాత పుస్తకాల్లో నేరుగా వికెట్ కీపర్ వైపే ఎత్తాలని ఉండేది. నేను పిల్లలకి ఆఫ్ స్టంప్‌కీ రెండో స్లిప్‌కీ మధ్య ఎటైనా పర్వాలేదంటాను. డాన్ బ్రాడ్‌మన్ బ్యాట్ స్లిప్స్ వైపు లేచేది. ఆయన టెస్ట్ సగటు 99.94. దక్షిణాఫ్రికా పరిశోధకులు హబీబ్ నూర్‌భాయ్, టిమ్ నోక్స్ కూడా పెద్ద బ్యాటర్ల బ్యాక్‌లిఫ్ట్‌ని అధ్యయనం చేసి, వాళ్లలో చాలామంది బ్యాట్ పక్కకే లేస్తుందని చూపించారు. కాబట్టి లేచే దారిలో కొంచెం వంపు ఉంటే కంగారు పడొద్దు. దిగేటప్పుడు బంతి వచ్చే గీత మీదికి చేరుతోందా లేదా అన్నదే ప్రశ్న. గల్లీ దాకా పోతే మాత్రం తిరిగి రావడానికి దూరం ఎక్కువ. పన్నెండేళ్ల చేతులకి అంత టైమ్ దొరకదు.

టైమ్ అన్నాను కదా, పిల్లలకి ఎవరూ చెప్పనిది అదే. ఎంత అందంగా ఎత్తారన్నదాని కంటే ఎప్పుడు ఎత్తారన్నది ముఖ్యం. బౌలర్ ముందు కాలు నేలని తాకేసరికి మీ బ్యాట్ పైన ఉండాలి. బంతి చేతిలోంచి వదిలాక ఎత్తడం మొదలుపెడితే, ఎత్తడం, దించడం రెండూ తొందర పనులవుతాయి. తొందరలో కింది చెయ్యి మళ్లీ పగ్గాలు తీసుకుంటుంది.

మనవాడికి ఇచ్చిన మాట: “వాడి కాలు, నీ బ్యాట్.” బౌలర్ కాలు దిగేటప్పుడు బ్యాట్ పైకి. మొదట బంతి లేకుండా పది సార్లు. బౌలర్ ఉత్త రనప్ చేస్తాడు, మనవాడు ఉత్తినే ఎత్తుతాడు. తర్వాత సగం దూరం నుంచి మెల్లగా వేసిన బంతులు. చివరి నాలుగు రోజులు మాత్రమే మామూలు నెట్స్.

ఒకసారి ఒకే మాట

నేర్పేవాళ్లకి, ముఖ్యంగా తమ్ముడికో చెల్లికో నేర్పే అన్నలకి ఒక విషయం. బౌలర్ పరుగెత్తి వస్తుండగా ‘తల, మోచెయ్యి, కాలు’ అని మూడు చెప్పకండి. బుర్ర ఒక్కటే పట్టుకోగలదు. మొదటి వారం ‘చాక్‌పీస్’, రెండో వారం ‘రెండు కళ్లు’, మూడో వారం ‘వాడి కాలు, నీ బ్యాట్’. ఆ వారం మాట తప్ప ఇంకోటి వినిపించకూడదు.

అలాగే ఎప్పుడు వదిలేయాలో కూడా తెలియాలి. సచిన్ టెండూల్కర్ రెండు చేతులూ హ్యాండిల్ అడుగున పట్టుకునే ఆడాడు. నేను పైన చెప్పినదానికి అది పూర్తిగా వ్యతిరేకం. బంతి అనుకున్న చోటికి నేలమీద పోతుంటే ఆ పట్టుని ముట్టుకోకండి. పోకపోతేనే మార్పు, అదీ కొద్దిగానే. 1989లో పాకిస్తాన్ టూర్‌లో పరుగుల్లేక ఇబ్బంది పడుతున్న మన హైదరాబాదీ అజహరుద్దీన్‌కి, పాకిస్తాన్ మాజీ బ్యాటర్ జహీర్ అబ్బాస్ గ్రిప్ కాస్త మార్చి చూడమన్నాడు. ఆ సిరీస్‌లోనే ఫైసలాబాద్ టెస్టులో అజహర్ సెంచరీ కొట్టాడు. మారింది పట్టు ఒక్కటే, ఆట మొత్తం కాదు.

సెలెక్షన్స్‌కి రెండు రోజుల ముందు మనవాడితో మళ్లీ అదే 24 బంతుల పరీక్ష చేశాను. లెగ్ సైడ్ పోయినవి ఏడు. గాల్లో లేచినవి రెండు. సున్నా కాలేదు, మూడు వారాల్లో కాదు కూడా. అలసిపోయినప్పుడు పాత పట్టు తిరిగి వస్తూనే ఉంది. అది పూర్తిగా పోవడానికి ఒక సీజన్ పడుతుంది.

సెలెక్షన్స్‌లో ఒక్కొక్కరికి 12 బంతులు ఇచ్చారు. మనవాడు రెండింటిని బౌలర్ పక్కనుంచి నేలమీద కొట్టాడు. ఒకటి పూర్తిగా మిస్సయ్యాడు. లిస్ట్‌లో పేరు స్టాండ్‌బైల్లో వచ్చింది. వాళ్ల నాన్నగారు ఆ రోజు ఏమీ అనలేదు. సోమవారం మాత్రం ఫోన్ చేసి, “సార్, ఆ పెద్ద బ్యాట్ ఎవరికైనా అమ్మిపెడతారా? వాడి సైజ్‌ది కొందాం” అన్నారు. ఇంక క్రికెట్ లేదన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ వారం హోంవర్క్

మీ బ్యాట్‌కి పైన చెప్పిన రెండు పరీక్షలూ చేయండి. తర్వాత 24 బంతులు ఎవరితోనైనా వదిలించుకుని, ఎన్ని ఎటు పోయాయో రాసుకోండి. ఏదీ మార్చకండి, రాసుకోండి చాలు. వచ్చే వారం ముందు కాలు ఎంత దూరం వేయాలో, ఎందుకు వేయాలో మాట్లాడుకుందాం. దానికి ఈ లెక్క మీ దగ్గర ఉండాలి.